ఆతిథ్యమిచ్చిన కుటుంబానికి స్పానిష్‌లో కృతజ్ఞతా లేఖ: రాయడానికి ముందు జాగ్రత్తలు

మొదట ఆ కుటుంబం ఏ దేశానిదో చూసుకోవాలి. సలమాంకాలో ఒక దంపతుల ఇంట వారం రోజులు ఉండి వచ్చారనుకుందాం. స్పెయిన్‌లో ఆత్మీయులైన పలువురిని ‘వొసోత్రోస్’ అని సంబోధిస్తారు కనుక ‘మీ ఇల్లు’ అనడానికి ‘వుయెస్త్రా కాసా’ అని రాయాలి. అదే కుటుంబం మెక్సికోలో ఉంటే ‘ఉస్తేదెస్’ వాడి, ‘సు కాసా’ అనాలి. ఒక వాక్యంలో ‘వుయెస్త్రా’, మరో వాక్యంలో ‘సు’ రాయడమే తరగతిలో తరచుగా కనిపించే పొరపాటు కాబట్టి, చిత్తుప్రతిలో ‘మీ’ అనే అర్థమిచ్చే ప్రతి మాట కింద గీత గీసి సరిచూడండి.

‘గ్రాసియాస్’ తరువాత కారణం చెప్పడానికి ‘పోర్’ రావాలి, ‘పారా’ కాదు. దాని వెంట క్రియ మూలరూపంలోనే ఉండాలి: తోర్తియా చేయడం నేర్పినందుకు అనాలంటే ‘గ్రాసియాస్ పోర్ ఎన్సెన్యార్మె ఆ అసేర్ తోర్తియా’ అవుతుంది. ఇంగ్లీషు అలవాటుతో ‘ఎన్సెన్యాందో’ అని రాస్తే తప్పు. (స్పెయిన్‌లో తోర్తియా అంటే బంగాళాదుంపల అట్టు, మెక్సికోలో మొక్కజొన్న రొట్టె.)

‘కేరిదోస్’ అనే సంబోధన, పేర్ల తరువాత కామా కాక రెండు చుక్కలు పెట్టాలి.