ఇంజనీరు దినచర్య షార్ట్‌ను మధ్యలోనే వదిలేస్తున్నారా?

సమస్య: సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రోజును నిమిషంలో చూపించారు, కానీ చూసేవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతున్నారు. వెంటనే సంగీతం మార్చకండి. ముందు యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియోకున్న Audience retention గీతను తెరిచి, ఏ సెకనులో జారిందో చూడండి. ఈ పని చేయకుండానే సలహా అడిగేవాళ్లే ఎక్కువ.

మొదట్లోనే జారితే కారణం అలారం, కాఫీ, ఆఫీసు లిఫ్టు. వాటిని కత్తిరించండి, అంతే.

అసలు చిక్కు మధ్యలో జారినప్పుడు. అక్కడ మంచి ఘట్టమే ఉంటుంది: కోడును సరిచూసే పరీక్షలు పాసయ్యాయి, తెరంతా పచ్చగా ఉంది, ఇంజనీరు నవ్వుతున్నాడు. అయినా వెళ్లిపోతున్నారంటే, అంతకుముందు ఆ పరీక్ష ఫెయిలవడాన్ని వాళ్లు చూడలేదు. పరిష్కారం దొరికాక కెమెరా ఆన్ చేస్తే గెలుపు మాత్రమే దొరుకుతుంది, చిక్కు దొరకదు. ఎడిటింగ్‌లో ఎంత వెతికినా ఈ లోపం కనిపించదు, ఎందుకంటే ఆ క్లిప్ అసలు లేదు.

ఒక ఉదాహరణ చూడండి. పగలంతా పాసయ్యే పరీక్ష రాత్రి 1:10కి ఫెయిలైంది:

```
expected: 2025-03-15
actual:   2025-03-14
```

సర్వరు యూటీసీలో నడుస్తోంది. మన సమయం దానికన్నా 5:30 గంటలు ముందు. కాబట్టి అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5:30 వరకు అక్కడ ఇంకా నిన్నటి తేదీయే. షార్ట్‌కు మూడు ముక్కలు చాలు: ఈ రెండు వరుసలు, పక్కనే 1:10 చూపిస్తున్న గడియారం, సవరించాక పాసైన పరీక్ష. మొదటి రెండూ లేకపోతే మూడోదానికి అర్థమే లేదు.

పరిష్కారం: తప్పు ఎప్పుడు బయటపడుతుందో ముందే తెలియదు కాబట్టి, జరిగిపోయినదాన్ని వెనక్కి వెళ్లి దాచుకునే ఏర్పాటు కావాలి. తెరను రికార్డు చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో అది ఉంది. Settings లోని Output విభాగంలో Replay Buffer ఆన్ చేసి, వ్యవధి 120 సెకన్లు పెట్టండి. Hotkeys లో Save Replay కు ఒక మీట కేటాయించండి. పని మొదలుపెట్టేటప్పుడు Start Replay Buffer నొక్కడం మరవకండి. పరీక్ష ఫెయిలైనట్టు ఎర్రగా కనబడగానే మీట నొక్కితే గడిచిన రెండు నిమిషాలు ఫైలుగా మిగులుతాయి.

ఆఫీసు తెరను మాత్రం అనుమతి లేకుండా రికార్డు చేయవద్దు. కస్టమర్ల వివరాలు, రహస్య కీలు ఒక్క ఫ్రేములో కనబడినా ప్రమాదమే. అదే తప్పును సొంత కంప్యూటర్‌లో చిన్న కోడుతో మళ్లీ పుట్టించి తీయండి, అలా తీశామని తెరమీద రాయండి.

మానిటరును ఫోనుతో తీస్తే చారలు పడటం, అక్షరాలు చిన్నగా ఉండటం కూడా అప్పుడప్పుడు కారణాలే. తెరనే రికార్డు చేస్తే మొదటిది ఉండదు, రెండోదానికి కోడు రాసే ఎడిటరులో అక్షరాల సైజు పెంచితే సరి.