కిరాయి కట్టని వారికి ఖాళీ చేయమని నోటీసు ఎలా రాయాలి?

"అడ్వాన్సు మీ దగ్గరే ఉంది కదా సార్, అందులో కట్ చేస్కోండి." మూడు నెలల కిరాయి ఆగిన ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. ఓనరు మొహమాటానికి "చూద్దాంలే" అంటాడు. తర్వాత నోటీసు రాయడానికి కూర్చుంటే అసలు బాకీ ఎంతో ఆయనకే తేలదు. అందుకే హైదరాబాద్‌లో ఇలాంటి నోటీసు రాసేటప్పుడు నేను ముందు చూసేది రెండే: తేదీలు, అడ్వాన్సు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లకుంటలో రెండు గదుల పోర్షన్, ఓనరమ్మ రిటైరైన టీచరు. కిరాయి 16,000, ప్రతి నెలా 5వ తేదీలోపు కట్టాలి. అడ్వాన్సు రెండు నెలలది, 32,000. పదకొండు నెలల అగ్రిమెంటు 2025 ఏప్రిల్ 30తో అయిపోయింది. కొత్తది రాసుకోలేదు, కానీ ఆమె కిరాయి తీసుకుంటూనే ఉంది, కాబట్టి చట్టం లెక్కలో అది నెల నెలా సాగే కిరాయి. 2026 జనవరి కిరాయిలో 17వ తేదీన 6,000 మాత్రం ఫోన్లో పంపారు. ఫిబ్రవరి, మార్చి పూర్తిగా ఆగాయి.

ముందు ఏ చట్టమో చూసుకోండి

నగరపాలక సంస్థ పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. పాత మల్గీల్లో ఇంకా 3,500 లోపు కిరాయి నడుస్తుంటే మాత్రం రెంట్ కంట్రోలరు దగ్గరికే వెళ్లాలి, అక్కడి పద్ధతి వేరు. మన పోర్షన్‌కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 106 సరిపోతుంది. నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంటులో నెల రోజులని రాసుకుని ఉంటే నెల ఇవ్వడమే క్షేమం.

బాకీని నెలలవారీగా రాయండి

"సుమారు మూడు నెలల కిరాయి" అని రాసిన నోటీసు చూస్తే అవతలి వకీలుకు పండగే. ఇలా ఉండాలి: జనవరి 10,000, ఫిబ్రవరి 16,000, మార్చి 16,000, మొత్తం 42,000. జనవరిలో వచ్చిన 6,000ను తేదీతో సహా చూపించండి. మెయింటెనెన్సు, నీళ్ల బిల్లు బాకీ ఉంటే కిరాయిలో కలపకుండా వేరే వరుసలో రాయండి. ఒక్క అంకె మీద గొడవ మొదలైతే మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి.

మూడు తేదీలు

మొదటిది నోటీసు తేదీ: 2026 మార్చి 10. రెండోది బాకీ కట్టడానికి ఆఖరి రోజు: మార్చి 31. మూడోది కిరాయి ముగిసే రోజు: ఏప్రిల్ 30.

బాకీ కట్టడానికి విడిగా గడువివ్వాలని సెక్షన్ 106 చెప్పదు. అగ్రిమెంటులో ఉంటే ఇచ్చి తీరాలి, లేకపోతే మీ ఇష్టం. నేనైతే ఇమ్మనే చెబుతాను. సగం మంది ఆ తేదీ చూసే కడతారు. కట్టని వాళ్ల మీద కేసు వేసినప్పుడు, అవకాశం ఇచ్చామని కాగితం చూపించొచ్చు.

"ఈ నోటీసు అందిన 15 రోజుల్లో" అని రాసి వదిలేయకండి. చట్టం 15 రోజులను నోటీసు అందిన రోజు నుంచి లెక్కిస్తుంది, మీరు పోస్టు చేసిన రోజు నుంచి కాదు. మార్చి 13న అందితే ఆ రోజును వదిలేసి 14 నుంచి లెక్కపెట్టాలి, 28తో పూర్తవుతుంది. పోస్టు నాలుగు రోజులు ఆలస్యమైనా, తలుపు తాళం ఉండి మళ్లీ తెచ్చినా ఏప్రిల్ 30 చాలా దూరంలో ఉంది. క్యాలెండరు తేదీ వేయడంలో ఉన్న సుఖం అదే.

అడ్వాన్సు గురించి ఒక పేరా

ఎక్కువ నోటీసులు తప్పిపోయేది ఇక్కడే. ఓనరు కోపంలో "అడ్వాన్సు బాకీలో జమ చేసుకున్నాను" అని రాస్తాడు. అప్పుడు 42,000 బాకీ 10,000 అయిపోతుంది, పైగా గోడలు పాడైతే చేతిలో పైసా ఉండదు. రెంట్ కంట్రోల్ కింద ఉన్న ఇళ్లకైతే ఇంకో చిక్కుంది. చట్టం ఒప్పుకునే దానికన్నా ఎక్కువ అడ్వాన్సు ఓనరు దగ్గరుంటే, కిరాయిదారు కావాలని ఎగ్గొట్టాడనడం కుదరదని 1989లో గూడూరు హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి అడ్వాన్సు ఇప్పుడు ఎక్కడుందో, ఎప్పుడు లెక్క చూస్తారో రాయండి. మన కేసులో కిరాయిదారు ఏమీ కట్టకుండా ఏప్రిల్ 30న తాళాలిస్తే బాకీ 42,000, ఏప్రిల్ కిరాయి 16,000, కలిపి 58,000. అడ్వాన్సు 32,000 తీస్తే ఇంకా 26,000 రావాలి. అన్నీ కట్టి వెళ్తే కరెంటు బిల్లు, నష్టాలు పోను అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. పెయింటింగుకు నెల కిరాయి కోసుకోవడం మన ఊళ్లో అలవాటే, కానీ అగ్రిమెంటులో లేకపోతే నోటీసులో ఆ ఊసెత్తకండి.

నోటీసులో అసలు మాటలు

"మీరు 2026 జనవరి నుంచి మార్చి వరకు కిరాయి బాకీ రూ. 42,000 చెల్లించాలి (వివరం కింద). మొత్తం 2026 మార్చి 31లోగా చెల్లిస్తే ఈ నోటీసు రద్దవుతుంది. చెల్లించకపోతే మీ కిరాయి హక్కు 2026 ఏప్రిల్ 30తో ముగుస్తుంది. ఆ రోజు సాయంత్రం 5 గంటలలోగా పోర్షన్ ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. మీ అడ్వాన్సు రూ. 32,000 నా దగ్గరే ఉంది. నేటి వరకు ఏ బాకీలోనూ జమ చేయలేదు. తాళాలు అప్పగించిన రోజు లెక్క చూసి, రావలసింది తీసుకుంటాను, ఇవ్వవలసింది ఇస్తాను."

"దయచేసి ఖాళీ చేయగలరని మనవి" అని మాత్రం రాయకండి. కిరాయి ఫలానా రోజుతో ముగుస్తుందనే మాట అందులో కనిపించాలి. సంతకం ఓనరుదే ఉండాలి, లేదా ఆమె తరఫున వకీలుది. పేరు, ఫ్లాటు నంబరు, అంతస్తు అగ్రిమెంటులో ఉన్నట్టే రాయండి.

పంపడం

2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. రసీదు దాచుకోండి. "తీసుకోలేదు" అని కవరు తిరిగొస్తే చించకుండా అలాగే ఉంచండి, అది మీకే సాక్ష్యం. వాట్సాప్‌లో ఫొటో పంపడం అదనం, పోస్టుకు బదులు కాదు.

నోటీసు తర్వాత

ఏప్రిల్ 2న ఉన్నట్టుండి 5,000 వచ్చిందనుకోండి. వెంటనే మెసేజి పెట్టండి: "జనవరి బాకీలో జమ చేసుకున్నాను, మార్చి 10 నోటీసు అలాగే ఉంది." మే 1 తర్వాత వచ్చే డబ్బుతో ఇంకా జాగ్రత్త. దాన్ని మామూలు కిరాయిగా తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నారని సెక్షన్ 113 కింద వాదిస్తారు. "ఖాళీ చేయకుండా వాడుకుంటున్నందుకు పరిహారంగా, హక్కులకు భంగం లేకుండా" అని రాతలో చెప్పే తీసుకోండి.

ఏప్రిల్ 30 దాటినా వెళ్లకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి. కరెంటు తీయించడం, మోటారు ఆపడం, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చడం వద్దు. అలా బయటికి పంపితే, ఆరు నెలల్లోగా కేసు వేసి కిరాయిదారే మళ్లీ ఇంట్లోకి రావచ్చు.