మార్కుల లెక్క సొంతంగా: 4వ పాఠం – రెండింటిలో మెరుగైనది

పోయిన పాఠంలో నాలుగు టర్మ్‌ల మార్కులను స్ప్రెడ్‌షీట్ పట్టికలో వేసుకుని సగటు కట్టాం. ఒక్కో టర్మ్‌కు ఒకే పరీక్ష ఉందనుకుని చేసిన లెక్క అది. ఈసారి ఒక్కో టర్మ్‌లో రెండు పరీక్షలుంటాయి. విద్యార్థి రెండూ రాయవచ్చు, ఎక్కువ మార్కులు వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. నియమం ఇంతే. అయినా రెండో పరీక్ష రాశాక సగటు ఎంత కదిలింది, మిగిలిన టర్మ్‌లో ఎంత తెచ్చుకోవాలి అని అడిగితే చాలామంది తప్పు చెబుతారు. ఈ రెండు ప్రశ్నలకు వేరువేరు భాగహారాలు కావాలన్న సంగతి వాళ్ల దృష్టికి రాకపోవడమే కారణం.

ముందు ఒక ఉదాహరణ. ఏడాదికి నాలుగు టర్మ్‌లు, ప్రతి పరీక్షకూ 100 మార్కులు, నాలుగింటికీ సమాన విలువ. విద్యార్థిని పెట్టుకున్న లక్ష్యం ఏడాది సగటు 75. మొదటి మూడు టర్మ్‌లలో ఆమెకు వరుసగా 58, 71, 69 వచ్చాయి. మూడు టర్మ్‌లకూ రెండో పరీక్ష రాసే అవకాశం ఇంకా ఉంది.

సగటుతో కాకుండా మొత్తంతో మొదలుపెట్టండి. లక్ష్యం 75 అంటే నాలుగు టర్మ్‌లకు కలిపి 300 మార్కులు. చేతిలో ఉన్నవి 58 + 71 + 69 = 198. ఇప్పటివరకు సగటు 66. నాలుగో టర్మ్‌లో తేవలసినవి 300 – 198 = 102. వందకు మించి మార్కులు రావు కదా. అంటే పాత టర్మ్‌లలో ఏదో ఒకటి పెరగకపోతే నాలుగో టర్మ్‌లో ఎంత చదివినా ఈ లక్ష్యం అందదు. సగటు 66 అని మాత్రమే చూసుకున్న విద్యార్థికి ఈ విషయం తెలియదు. తొమ్మిది మార్కులే తక్కువయ్యాయి, సర్దుకోవచ్చు అనుకుంటుంది.

ఇప్పుడు ఆమె మొదటి టర్మ్ రెండో పరీక్ష రాసి 76 తెచ్చుకుంది. పెరిగినవి 18 మార్కులు. ఈ పద్దెనిమిది మూడు చోట్ల మూడు రకాలుగా కనిపిస్తుంది. ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది ఇదే కాబట్టి నెమ్మదిగా చూడండి.

ఇప్పటివరకు సగటు మూడు టర్మ్‌లది కాబట్టి 18ని మూడుతో భాగిస్తాం. సగటు 6 పెరిగి 66 నుంచి 72 అవుతుంది. ఏడాది చివరి సగటు నాలుగు టర్మ్‌లది. అందులో ఈ పెరుగుదల విలువ 18 ÷ 4, అంటే 4.5. మిగిలిన టర్మ్ ఒక్కటే కాబట్టి అక్కడ 18ని ఒకటితోనే భాగిస్తాం. తేవలసిన మార్కులు 102 నుంచి ఏకంగా 84కు దిగుతాయి. పెరిగిన మార్కులు అవే. సగటుకు అయిపోయిన టర్మ్‌లతో, లక్ష్యానికి మిగిలిన టర్మ్‌లతో భాగించడం వల్ల ఫలితం మారింది. ఏడాది చివరికి వచ్చేకొద్దీ రెండో పరీక్ష, అంటే రీటెస్ట్ వల్ల సగటు తక్కువగా, తేవలసిన మార్కు ఎక్కువగా కదులుతుంది.

రీటెస్ట్‌లో 76 రాకుండా 64 వచ్చి ఉంటే? పెరుగుదల 6 మాత్రమే, నాలుగో టర్మ్‌లో 96 కావాలి. 50 వచ్చి ఉంటే 58 అలాగే నిలుస్తుంది, ఏదీ మారదు. ఏ టర్మ్‌కు రీటెస్ట్ రాయాలో తేల్చుకోవడానికి కూడా ఈ లెక్కే చాలు. మొదటి టర్మ్‌లో 76 తెస్తే వచ్చే లాభం రెండో టర్మ్‌తో రావాలంటే అక్కడ 89 తెచ్చుకోవాలి. సాధారణంగా తక్కువ మార్కులున్న టర్మ్ మీదే సమయం పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఆ పాఠాలు అసలు అర్థం కాకపోవడం వల్లే మార్కులు తగ్గాయా, పరీక్ష రోజు జ్వరం వల్లా అన్నది మాత్రం ముందు చూసుకోవాలి. జ్వరమైతే వెంటనే రాయవచ్చు. పాఠాలు అర్థం కాకపోతే చదువుకునే రోజులు కూడా లెక్కలో వేసుకోవాలి.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి రాసిన పరీక్షలన్నింటినీ కలిపి భాగించాడు. 58, 76, 71, 69 కలిపి నాలుగుతో భాగిస్తే 68.5 వస్తుంది. సరైన సగటు 72. వాడికి పోయినవి మార్కులు కావు, ధైర్యం. దీనికి ఎదురు తప్పు కూడా చూశాను. ఎనిమిది పరీక్షల్లో మెరుగైన నాలుగింటిని ఏరుకోవడం అది. ఒక టర్మ్‌లో రెండూ తక్కువ వచ్చినా వాటిలో ఒకటి లెక్కలో ఉండి తీరాలి. వేరే టర్మ్‌లో బాగా రాసిన రెండో పరీక్ష దాని స్థానంలోకి రాదు. మరో జాగ్రత్త కూడా ఉంది. మొదటి పరీక్ష 25కి, రెండోది 20కి పెడితే ముందు రెండింటినీ శాతాలుగా మార్చాకే పోల్చాలి. 25కి 18 కంటే 20కి 16 ఎక్కువ.

ఇక పట్టిక. B నిలువు వరుసలో మొదటి పరీక్ష, C లో రెండోది, D లో లెక్కలోకి వచ్చే మార్కు. నాలుగు టర్మ్‌లు 2 నుంచి 5 వరకు అడ్డువరుసల్లో ఉంటాయి. D2 లో ఇది రాసి D5 వరకు కిందికి లాగండి.

```
=IF(COUNT(B2:C2)=0,"",MAX(B2:C2))
```

ఒట్టి MAX చాలదా అని అడగవచ్చు. ఇంకా జరగని టర్మ్‌లో రెండు గడులూ ఖాళీగా ఉంటే MAX సున్నా ఇస్తుంది, ఆ సున్నా సగటులో కలుస్తుంది. మన ఉదాహరణలో 72 కనిపించాల్సిన చోట 54 కనిపిస్తుంది. మూడు టర్మ్‌ల మొత్తాన్ని నాలుగుతో భాగించినట్టు సగటు ఉన్నట్టుండి పడిపోతే ముందు ఇక్కడ వెతకండి. సగటుకు, చివరి టర్మ్‌లో కావలసిన మార్కుకు ఈ రెండు:

```
=AVERAGE(D2:D5)
=(75*4-SUM(D2:D5))/(4-COUNT(D2:D5))
```

రెండోది నాలుగు టర్మ్‌లూ పూర్తయ్యాక #DIV/0! చూపిస్తుంది. మిగిలిన టర్మ్ లేదు కాబట్టి అది సరైనదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ చదివేవాళ్లకు ఒక మాట. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 నిబంధనల్లో రెండు మిడ్ పరీక్షల్లో మెరుగైనదానికి 80 శాతం, మిగిలినదానికి 20 శాతం విలువ ఇస్తారు. మొదటి మిడ్‌లో 30కి 18 వచ్చిందనుకుందాం. రెండో మిడ్ రాయకపోతే 14.4 మిగులుతుంది. 10 వస్తే 16.4. 24 వస్తే 22.8. రెండో మిడ్‌లో 18 వరకు తెచ్చే ప్రతి మార్కూ 0.2 కలుపుతుంది, 18 దాటాక ప్రతి మార్కూ 0.8 కలుపుతుంది. మన మొదటి నియమంలో రెండో పరీక్ష మానేస్తే నష్టం లేదు. ఇక్కడ మానేస్తే 18 కూడా తగ్గిపోతుంది. అందుకే మీ కళాశాల నిబంధనలో ఏముందో చదివాకే MAX వాడండి. 80, 20 నియమానికి D2 లో ఇలా రాయాలి:

```
=0.8*MAX(B2:C2)+0.2*MIN(B2:C2)
```

రాయని మిడ్ గడిలో 0 వేయడం మరవకండి. ఖాళీగా వదిలితే MIN ఆ గడిని పట్టించుకోకుండా 18నే తీసుకుంటుంది, మీకు 18 మొత్తం దక్కినట్టు చూపిస్తుంది.

అభ్యాసానికి రెండు ప్రశ్నలు. నాలుగు టర్మ్‌లలో మూడింటి మొదటి పరీక్షల మార్కులు 66, 48, 80, లక్ష్యం 70. నాలుగో టర్మ్‌లో 75 సరిపోవాలంటే రెండో టర్మ్ రీటెస్ట్‌లో ఎంత రావాలి? రెండోది: 80, 20 నియమంలో మొదటి మిడ్ 21 అయితే 22 దక్కడానికి రెండో మిడ్‌లో కనీసం ఎంత కావాలి? జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. టర్మ్‌లకు సమాన విలువ లేకపోతే ఏం చేయాలో కూడా ఆ పాఠంలో చూద్దాం.