ఒకే దూరంలో మూడు పేర్లు వస్తే

స్కాన్ చేసిన రిజిస్టర్‌లో ఓ పేరును, బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే ఓసీఆర్ ‘పరుణ్’ అని చదివిందనుకోండి. పేర్ల నిఘంటువులో వరుణ్, తరుణ్, అరుణ్ మూడూ దానికి సరిగ్గా 1 ఎడిట్ దూరంలోనే, అంటే ఒక్క అక్షరం మారిస్తే చాలన్నంత దగ్గరలోనే ఉంటాయి. జాబితాలో ముందున్నదాన్ని తీసుకుంటే తప్పు పేరు నిఖార్సైన పేరులా కూర్చుంటుంది, ఇక ఎవరికీ దొరకదు. అందుకే అన్ని మార్పులకూ ఒకే ఖరీదు కట్టకండి. ప–వ, బ–భ, ద–ధ లాంటి రూపం కలిసే జంటలకు 0.3, మిగతావాటికి 1 ఇవ్వండి. అప్పుడు వరుణ్ 0.3తో ముందుకొస్తుంది. ఈ విలువలు మొదలుపెట్టడానికే. ఓ 200 పేర్లు చేత్తో దిద్ది, మీ స్కాన్‌లో ఏ అక్షరం దేనిగా మారుతోందో లెక్కగట్టి సవరించుకోండి.

మొదటి రెండు పేర్ల ఖరీదుల మధ్య తేడా 0.5 కన్నా తక్కువైతే దిద్దకుండా మనిషికి వదలండి. ఓసీఆర్ చదివిన మూలరూపాన్ని పక్క కాలమ్‌లో ఉంచండి. నిఘంటువులో లేని అరుదైన అసలు పేర్లు పోకుండా కాపాడేది అదే.