మొదటి స్కాన్‌లో బిడ్డ కనిపించలేదని కంగారు పడకండి, ముందు వారాలు లెక్కపెట్టండి

మా మరదలు టెస్ట్‌లో రెండు గీతలు రాగానే గుంటూరు కొత్తపేటలో స్కానింగ్‌కి వెళ్లింది. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే అప్పటికి 5 వారాల 1 రోజు. గర్భసంచిలో చిన్న నల్లటి గుండ్రటి సంచి తప్ప ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు.

ఆ వారానికి కనిపించేది అంతే. పైగా ఆ ఒక్క సంచిని చూసి గర్భం లోపలే ఉందని ఖాయంగా చెప్పలేరు. ట్యూబులో గర్భం నిలిచినప్పుడు కూడా గర్భసంచిలో కొంచెం నీరు చేరి అచ్చం సంచిలా కనబడొచ్చు. దాని లోపల యోక్ శాక్ అనే చిన్న ఉంగరం కనిపిస్తేనే లోపలే ఉందని రూఢి. అది సుమారు అయిదున్నర వారాలకు, అదీ లోపలి నుంచి చేసే స్కాన్‌లో తెలుస్తుంది. పొట్ట మీద చేసే స్కాన్‌లో ఇంకో వారం ఆలస్యం కావొచ్చు.

పది రోజులాగి మళ్లీ వెళ్తే 6 వారాల 4 రోజులకు ఉంగరం, పక్కనే 7 మిల్లీమీటర్ల పిండం, గుండె కొట్టుకోవడం అన్నీ కనిపించాయి. నెలసరి సరిగా రానివాళ్లకు ఈ లెక్క వారం, రెండు వారాలు వెనక్కి జరగొచ్చు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దమ్మా. ఈ ఎదురుచూసే రోజుల్లో పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనపడటం, వీటిలో ఏది వచ్చినా రెండో స్కాన్ తేదీ దాకా ఆగకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.