శాంపిల్ ఉచితమే, మరి కొరియర్?

జిప్పు సంచుల కోసం కొత్త సరఫరాదారును శాంపిల్ అడిగినప్పుడు, "ఉచితంగానే పంపుతాం" అన్న మాట కొరియర్‌కు కూడా వర్తిస్తుందని అనుకున్నాను. పార్శిల్ మాత్రం అందుకున్నవారే ఖర్చు చెల్లించే పద్ధతిలో వచ్చింది. మూడు సంచుల విలువకన్నా ఆ బిల్లే ఎక్కువ. పైగా అవి వారి దగ్గర నిల్వ ఉన్న సంచులే తప్ప, నేను అడిగిన గుడ్డతో కుట్టినవి కావు.

రెండోసారి డబ్బు కట్టే ముందే అన్నీ ఈమెయిల్‌లో రాయించుకున్నాను. నా కొలతలకు మూడు సంచులు కుట్టే ఖర్చు నాది. మొదటి ఆర్డరు 200 సంచులకు తగ్గకుండా ఇస్తే ఆ మొత్తాన్ని తుది బిల్లులో తగ్గించాలి. కొరియర్ ఖర్చూ నాదే, కానీ పంపే ముందు పెట్టె బరువు, కొలతలు తెలిపి నా అంగీకారం తీసుకోవాలి, ఎందుకంటే తేలికైన పెద్ద పెట్టెకు కొరియర్ సంస్థలు సాధారణంగా పరిమాణాన్ని బట్టే వసూలు చేస్తాయి. శాంపిల్ మేము ఒప్పుకున్న వివరాలకు భిన్నంగా ఉంటే, మళ్లీ కుట్టి పంపే ఖర్చంతా వారిది. ఈ చివరి షరతుకే వారు కొంత తటపటాయించారు.

వచ్చిన వాటిలో ఒకదాని జిప్పును వందసార్లు లాగి చూశాను, ఇంకొకదాన్ని ఉతికాను; మూడోదానికి సంతకం, తేదీ ఉన్న చీటీ కట్టి, ఫొటో వారికి పంపి, దాచి ఉంచాను. సరుకు దిగాక పోల్చి చూసింది దానితోనే.