స్కోర్ రిపోర్టు, ట్రాన్స్‌క్రిప్టు యూనివర్సిటీకి ఎలా పంపాలి? అందలేదంటే ఏం చేయాలి?

ఫీజు కట్టే ముందు ఒక సంగతి తేల్చుకోండి. అధికారిక కాపీ ఇప్పుడే కావాలా, సీటు వచ్చాక ఇస్తే చాలా? ఇది అడ్మిషన్ల పేజీలోనే రాసి ఉంటుంది. చాలా యూనివర్సిటీలు మొదట మీరు అప్‌లోడ్ చేసిన స్కాన్ చూసి నిర్ణయం తీసుకుంటాయి, అసలుది సీటు ఖాయమయ్యాకే అడుగుతాయి. అలాంటి ఎనిమిది చోట్లకు ముందే పంపితే, చేరేది ఒక్కచోటే కాబట్టి ఏడు ఫీజులు దండగ.

గడువు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. కొన్నిచోట్ల ఆ తేదీ అప్లికేషన్ సబ్మిట్ చేయడానికి మాత్రమే, పత్రాలు తర్వాత వచ్చినా ఫర్వాలేదు. ఇంకొన్నిచోట్ల ఆ రోజుకు పత్రాలు కూడా వాళ్ల చేతికి అందాలి. ఏదో స్పష్టంగా లేకపోతే మెయిల్ చేసి అడగండి. ఆ జవాబును దాచుకోండి కూడా.

ఇప్పుడు స్కోర్లు. జీఆర్‌ఈనే తీసుకుందాం. పరీక్ష రోజున నాలుగు సంస్థలకు ఉచితంగా పంపే అవకాశం ఇస్తారు. ఆ రోజు వాడుకోకపోతే అది పోయినట్టే, తర్వాత ప్రతి సంస్థకూ విడిగా ఫీజు కట్టాలి. అందుకే పరీక్షకు వెళ్లేముందే నాలుగు పేర్లు అనుకుని వెళ్లండి. దాదాపు ఒకే పేరున్న క్యాంపస్‌లు చాలా ఉంటాయి కాబట్టి, పేరుతో పాటు ఊరు, కోడ్ సరిచూసుకోండి. స్కోర్లు సాధారణంగా 8 నుంచి 10 రోజుల్లో వస్తాయి. అవి అందాక యూనివర్సిటీ వాళ్లు మీ ఫైలుకు జతచేయడానికి ఇంకొంత సమయం పడుతుంది. డిసెంబర్ 15 గడువైతే నవంబర్ 20 దాటాక పరీక్ష రాయడం రిస్కే. పాత స్కోరు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్లే చెల్లుతుంది.

ట్రాన్స్‌క్రిప్టు సంగతి వేరు. అది మీ కాలేజీ లేదా యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. కాగితం కాపీ అయితే కవరు అంటించి, అంటించిన చోట సంతకమో ముద్రో వేసి ఇస్తారు. ఆత్రం కొద్దీ తెరిచారో, లోపలిది అధికారిక కాపీగా చెల్లదు. ఆన్‌లైన్‌లో వచ్చిన లింకును మీరు ఫార్వర్డ్ చేసినా అంతే. దరఖాస్తు పెట్టేముందు బకాయిలేమైనా ఉన్నాయేమో చూసుకోండి, లైబ్రరీ జరిమానా కూడా ట్రాన్స్‌క్రిప్టును ఆపేయొచ్చు. చివరి సెమిస్టర్ మార్కులు ఇంకా ఎక్కకపోతే, అవి ఎక్కాకే పంపమని కోరండి. లేకపోతే సగం రికార్డుకు ఒకసారి, పూర్తిదానికి మరోసారి ఫీజు కట్టాల్సి వస్తుంది.

ఇన్ని చేసినా పోర్టల్‌లో `Not Received` అని కనిపిస్తే టెన్షన్ సహజమే. కానీ చాలాసార్లు రిపోర్టు ఎక్కడికీ పోదు, ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది. మా తమ్ముడికి ఇదే జరిగింది. గడువు ఇంకో ఆరు రోజులుంది, పోర్టల్‌లో మాత్రం స్కోరు లేదు. మళ్లీ ఫీజు కట్టబోతుంటే ఆపి, ముందు పరీక్ష అకౌంటు తెరిపించాను. పంపిన తేదీ అందులో ఉంది, కోడ్ కూడా సరైనదే. తీరా చూస్తే తేడా పేరులో. పరీక్షకు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా రాశాడు, అప్లికేషన్‌లో మాత్రం ఇనీషియల్‌తో సరిపెట్టాడు. ఈమెయిల్ ఐడీలు కూడా వేర్వేరు. ఇక కంప్యూటరు ఆ రెండూ ఒక్కరివేనని ఎలా పోలుస్తుంది? రెండోసారి డబ్బు కట్టి పంపినా అదే పేరుతో వెళ్లి అదే కుప్పలో పడేది.

అడ్మిషన్ల ఆఫీసుకు చిన్న మెయిల్ పెట్టాం. అప్లికేషన్ నంబరు, పుట్టిన తేదీ, పరీక్ష రిజిస్ట్రేషన్ నంబరు, రెండుచోట్లా పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా, స్కోరు పంపిన తేదీ రాసి, పంపినట్టు చూపే స్క్రీన్‌షాట్ జతచేశాం. రెండు రోజుల్లో `Received` అని మారింది.

ట్రాన్స్‌క్రిప్టు కనబడకపోయినా ఇదే వరస. ముందు పంపినవాళ్ల దగ్గర ట్రాకింగ్ నంబరు తీసుకోండి. కొరియర్ చేరినట్టు చూపిస్తే, ఏ తేదీన ఎవరు సంతకం చేశారో రాసి అందుకున్నవాళ్లనే అడగండి. డిజిటల్ అయితే లింకు ఏ మెయిల్ ఐడీకి వెళ్లిందో, ఆ లింకు గడువు తీరిందేమో పంపినవాళ్లను కనుక్కోండి. కోడ్ తప్పయినా, కవరు నిజంగానే పోయినా మళ్లీ పంపించక తప్పదు. ఈలోగా గడువు ముంచుకొస్తే, ఫీజు రశీదు, స్కాన్ కాపీ జతచేసి, అసలుది దారిలో ఉందని గడువుకు ముందే అడ్మిషన్ల ఆఫీసుకు రాయండి. గడువు దాటాక రాస్తే అదే రశీదుకు అంత విలువ ఉండదు.